తొమ్మిది జట్లు: 36, 45, 72లో ఏది సరైన లెక్క?

ప్రశ్న: మాస్టారూ, సంక్రాంతికి మా ఊళ్లో, పర్లాకిమిడి దగ్గర, కబడ్డీ పోటీ పెడుతున్నాం. 9 జట్లు పేర్లిచ్చాయి. ప్రతి జట్టూ మిగతా అన్ని జట్లతో ఒక్కసారి ఆడాలి. ఫార్ములాలో వేస్తే నాకు 36 మ్యాచులు వచ్చాయి. మా మావయ్య 72 అంటున్నాడు. పదో క్లాసు చదివే మా అబ్బాయి 45 అని రాసిచ్చాడు. మొత్తం జాబితా రాసుకుంటూ కూర్చోకుండా నా లెక్క కరెక్టో కాదో చూసుకునే దారి ఉందా?

జవాబు:

మీ 36 కరెక్టే. కానీ నేను చెప్పానని నమ్మేస్తే, వచ్చే ఏడాది పదకొండు జట్లు వచ్చినప్పుడు మీ ఇంట్లో మళ్లీ ఇదే పంచాయితీ మొదలవుతుంది. అందుకని నాలుగు జట్లతో ఒక చిన్న పోటీ కాగితం మీద పెట్టి చూడండి. ఐదు నిమిషాల పని.

మొదట ఒక జాగ్రత్త. ఫార్ములాలో నాలుగు వేసి జవాబు చూసుకున్నాక జాబితా రాయకండి. ఆరు రావాలని ముందే తెలిస్తే చెయ్యి ఆరు దగ్గరే ఆగిపోతుంది. ఐదు వచ్చినా ఇంకొకటి వెతుకుతాం, ఏడు వస్తే ఒకటి కొట్టేస్తాం. అప్పుడు అది సరిచూడడం కాదు, ఫార్ములాకి వంత పాడడం. ముందు జాబితా రాయండి, లెక్కపెట్టండి, ఆ అంకె కింద గీత గీయండి. ఫార్ములా ఆ తర్వాత.

జాబితాకి ఒకే నియమం. పేర్లు ఒకదాని కింద ఒకటి రాసుకుని, ప్రతి జట్టునీ దాని కింద ఉన్న జట్లతో మాత్రమే కలపాలి. పైకి చూడకూడదు, ఎందుకంటే పైనున్న జట్టుతో మ్యాచ్ ఆ జట్టు వంతు వచ్చినప్పుడే రాసేశాం. మన చుట్టుపక్కల ఊళ్లే తీసుకుందాం: పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, మెళియాపుట్టి.

```
పర్లాకిమిడి – కాశీనగర్
పర్లాకిమిడి – గుణుపూర్
పర్లాకిమిడి – మెళియాపుట్టి
కాశీనగర్ – గుణుపూర్
కాశీనగర్ – మెళియాపుట్టి
గుణుపూర్ – మెళియాపుట్టి
```

మెళియాపుట్టి వంతు వచ్చేసరికి దాని కింద ఎవరూ లేరు, అక్కడితో అయిపోయింది. మూడు, రెండు, ఒకటి, మొత్తం ఆరు.

ఇప్పుడు మీ ముగ్గురి లెక్కల్నీ ఇదే నాలుగు జట్లకి వేయండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. 45 అనే జవాబుని పట్టుకుని దాన్ని నాలుగు జట్లతో పోల్చలేం. 45 ఎలా వచ్చిందో అబ్బాయిని అడిగి, అదే పద్ధతిని నాలుగుకి చేయించాలి. సరిచూసేది పద్ధతిని, అంకెని కాదు.

మీ ఫార్ములా `n(n-1)/2`. నాలుగుకి 4 × 3 / 2, అంటే 6. జాబితాతో కలిసింది. మావయ్యగారిది `n(n-1)` అయ్యుండాలి, ఎందుకంటే 9 × 8 అంటే 72. నాలుగుకి 12 వస్తుంది. అబ్బాయిది `n(n+1)/2` అయ్యుంటుంది, 9 × 10 / 2 అంటే 45. నాలుగుకి 10 వస్తుంది. మన కాగితం మీద ఉన్నవి ఆరే. కాబట్టి ఆ రెండు పద్ధతులూ ఇక్కడే ఆగిపోతాయి, తొమ్మిది దాకా వెళ్లనక్కర్లేదు.

తప్పు అని తేలడం ఒకటి, ఎక్కడ తప్పారో తెలియడం ఇంకొకటి. రెండోది చెప్పకపోతే మావయ్యగారు ఊరుకోరు. నాలుగు పేర్లూ అడ్డంగా, నిలువుగా రాసి పదహారు గళ్ల పట్టిక గీయండి. పర్లాకిమిడి వరుస, కాశీనగర్ నిలువు కలిసే గడి ఒకటి. కాశీనగర్ వరుస, పర్లాకిమిడి నిలువు కలిసే గడి ఇంకొకటి. రెండు గళ్లూ ఒకే మ్యాచ్. మావయ్యగారు రెండింటినీ లెక్కపెట్టారు. పదహారులోంచి ఒక మూల నుంచి ఎదుటి మూలకి ఏటవాలుగా పోయే నాలుగు గళ్లు తీసేస్తే పన్నెండు, అదే ఆయన లెక్క.

ఆయన్ని మరీ తీసిపారేయకండి. 72 అనేది వేరే ప్రశ్నకి సరైన జవాబు. ఒక్కో జట్టు ఎనిమిదిసార్లు కోర్టులోకి దిగుతుంది, తొమ్మిది జట్లు కలిపి 72 సార్లు దిగుతాయి. మ్యాచ్ మ్యాచ్‌కీ జట్టుకి ఒక మంచినీళ్ల కేసు ఇద్దామనుకుంటే మీరు కొనాల్సింది 72 కేసులే, 36 కాదు. అలాగే ప్రతి జంటా రెండుసార్లు ఆడే లీగుల్లో ఆయన పద్ధతే నడుస్తుంది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్లో 20 జట్లు, సొంత మైదానంలో ఒకసారి, ఎదుటివాళ్ల మైదానంలో ఒకసారి ఆడతాయి. 20 × 19, మొత్తం 380 మ్యాచులు. మీ పోటీలో ఒక్కసారే కాబట్టి సగం చేయాలి, అంతే.

అబ్బాయి తప్పు ఆ ఏటవాలు గళ్లలో ఉంది. పర్లాకిమిడి వరుస, పర్లాకిమిడి నిలువు కలిసే గడి అంటే జట్టు తనతో తానే ఆడడం. వాడు సగం పట్టికే తీసుకున్నాడు, మంచిదే, కానీ ఆ నాలుగు గళ్లనీ వదల్లేదు. పదో క్లాసులో అంకశ్రేఢి చెప్పేటప్పుడు 1 నుంచి n వరకూ కూడితే `n(n+1)/2` అని నేర్పుతారు. వాడికి అది నోటికొచ్చి ఉంటుంది. జట్లు తొమ్మిది కదా అని 9 నుంచి మొదలెట్టి 8, 7, 6 అంటూ కూడేశాడు. కానీ మొదటి జట్టుకి ప్రత్యర్థులు ఎనిమిదిమందే. కూడిక 8 నుంచి మొదలవ్వాలి. ఎనిమిది నుంచి ఒకటి దాకా కూడమనండి, వాడికీ 36 వస్తుంది. వాడు చెప్పిన 45 పది జట్లకి సరైనది. 2019, 2023 వన్డే వరల్డ్ కప్పుల్లో పది జట్లు ఉండేవి, లీగ్ దశకి 45 మ్యాచులు. క్రికెట్ చూసే కుర్రాడైతే ఆ మాట చెబితే చాలు.

నాలుగే ఎందుకు, మూడు జట్లతో చూస్తే సరిపోదా అని అడగొచ్చు. మూడుతో చూసి మోసపోయినవాళ్లని నేను చాలామందిని చూశాను. మూడు జట్లకి మ్యాచులు మూడు. దాన్ని చూసి "ఎన్ని జట్లో అన్ని మ్యాచులు" అన్నా సరిపోయినట్టే ఉంటుంది. ఒకసారి టీ కొట్టు దగ్గర ఒకాయన నాకు త్రిభుజం గీసి చూపించాడు: మూడు మూలలు మూడు జట్లు, మూడు గీతలు మూడు మ్యాచులు. తర్వాత చతురస్రం గీసి నాలుగు గీతలు, నాలుగు మ్యాచులు అన్నాడు. ఎదురెదురు మూలల్ని కలిపే రెండు కర్ణాలు మర్చిపోయాడు. త్రిభుజంలో కర్ణాలు ఉండవు కాబట్టి అక్కడ ఆ తప్పు బయటపడదు. ఇంకోటి చూడండి, మూడు జట్లకి మావయ్యగారి పద్ధతిలోనూ 6, అబ్బాయి పద్ధతిలోనూ 6 వస్తుంది. రెండూ తప్పని తెలుస్తుంది గానీ ఎవరు ఏ దారిన తప్పారో విడదీసి చెప్పలేం. నాలుగులో 12, 10 అని విడిపోతాయి.

ఇక అసలు విషయం. నాలుగుకి కలిసినంత మాత్రాన తొమ్మిదికి కలవాలని లేదు. `3n-6` అనే ఉత్తుత్తి ఫార్ములా ఒకటి నేను పిల్లలకి ఇస్తుంటాను. మూడు జట్లకి 3 ఇస్తుంది, నాలుగుకి 6 ఇస్తుంది, రెండూ కరెక్ట్. ఐదుకి 9 అంటుంది, అక్కడ దొరికిపోతుంది. కాబట్టి చిన్న లెక్క నుంచి పెద్ద లెక్కకి ఒక వంతెన కావాలి. ఆ వంతెన ఏమిటంటే, ఆలస్యంగా వచ్చిన జట్టు.

నాలుగు జట్లతో ఆరు మ్యాచులు రాసేసి డ్రా కాగితం గోడకి అంటించేశారనుకోండి. అప్పుడు పాతపట్నం నుంచి ఐదో జట్టు వచ్చి మమ్మల్నీ కలుపుకోండి అంది. పాత ఆరు మ్యాచుల్లో ఏదీ మారదు. కొత్తవాళ్లు ఉన్న నలుగురితోనూ ఒక్కోసారి ఆడాలి, అంటే నాలుగు కలిశాయి. 6 + 4, పది. ఆరో జట్టు వస్తే ఐదు కలుస్తాయి, పదిహేను. ఏడో జట్టుకి ఆరు, 21. ఎనిమిదో జట్టుకి ఏడు, 28. తొమ్మిదో జట్టుకి ఎనిమిది, 36. జాబితా రాసింది నాలుగుకే అయినా, ప్రతి మెట్టుకీ కారణం చేతిలో ఉంది కాబట్టి తొమ్మిది దాకా అనుమానం లేకుండా ఎక్కేశాం.

ఇది పుస్తకంలో ఊహ కాదు, పెద్ద ఎత్తునే జరిగింది. 1992 వరల్డ్ కప్ మొదట ఎనిమిది జట్లతో వేశారు, లీగ్ మ్యాచులు 28. తర్వాత దక్షిణాఫ్రికాని మళ్లీ అంతర్జాతీయ క్రికెట్లోకి తీసుకోవడంతో తొమ్మిదో జట్టు చేరింది. ఎనిమిది మ్యాచులు కలిశాయి, లీగ్ 36 అయింది. రెండు సెమీస్, ఒక ఫైనల్ కలిపి మొత్తం 39. మీ పోటీ లెక్క అచ్చంగా ఆ వరల్డ్ కప్ లీగ్ లెక్కే. మావయ్యగారికి ఆ రోజులు గుర్తుంటే వాదన అక్కడే తెగిపోతుంది.

మీ ఫార్ములా కూడా ఇదే మెట్లు ఎక్కుతుందా అన్నది ఒక్కటి చూసుకోవాలి. 8 × 7 / 2 అంటే 28, 9 × 8 / 2 అంటే 36, తేడా 8. ఏ సంఖ్య తీసుకున్నా ఇంతే: n జట్లుండగా ఇంకొకటి చేరితే `n(n+1)/2 - n(n-1)/2 = n`. కొత్త జట్టు ఆడాల్సిన మ్యాచులూ n. మొదలు ఒకటే, ప్రతి మెట్టూ ఒకటే, కాబట్టి ఎక్కడా విడిపోవు. `3n-6` అయితే ప్రతిసారీ మూడే కలుపుతుంది. మూడు జట్లున్న చోటికి నాలుగోది వచ్చినప్పుడు నిజంగానే మూడు కలుస్తాయి, అందుకే అక్కడ దొరక్కుండా తప్పించుకుంది.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి. చాలా ఏళ్ల కిందట గుణుపూర్ వైపు ఒక బళ్లో ఆరు జట్ల వాలీబాల్ పోటీకి ఫిక్చర్ రాసే పని నా మీద పడింది. ఫార్ములా 15 అంది, నా జాబితాలో 14 వచ్చాయి. రెండుసార్లు లెక్కపెట్టినా 14. సాయంత్రమంతా ఫార్ములానే అనుమానించాను, లెక్కల మాస్టార్ని అయ్యుండీ. తేడా వచ్చినప్పుడు తప్పు ఎప్పుడూ ఫార్ములాదే కానక్కర్లేదని, జాబితాదీ కావచ్చని అప్పుడు తట్టలేదు. నేను నియమం పాటించకుండా, గుర్తొచ్చిన జంటల్ని గుర్తొచ్చినట్టు రాసుకుంటూ పోయాను.

చివరికి ఎలా దొరికిందంటే, ఒక్కో జట్టు పేరు జాబితాలో ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టాను. ఆరు జట్లలో ప్రతిదీ ఐదుసార్లు కనిపించాలి. నాలుగు జట్లు ఐదేసిసార్లు ఉన్నాయి, రెండు మాత్రం నాలుగేసి. ఆ రెండింటి మధ్య మ్యాచే నేను మర్చిపోయాను. రాయగానే పదిహేను. అదే ఏదైనా జంట రెండుసార్లు రాసేసి ఉంటే, ఆ రెండు జట్లూ ఆరేసిసార్లు కనిపించేవి. మొత్తం చూస్తే తప్పు ఉందని తెలుస్తుంది, పేర్లు లెక్కపెడితే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. మీ తొమ్మిది జట్ల జాబితాలో ప్రతి పేరూ ఎనిమిదిసార్లు రావాలి.

అయితే దీనికీ ఒక హద్దు ఉంది. పర్లాకిమిడి–కాశీనగర్, గుణుపూర్–మెళియాపుట్టి మ్యాచులు మర్చిపోయి, వాటి బదులు పర్లాకిమిడి–గుణుపూర్, కాశీనగర్–మెళియాపుట్టి రెండేసిసార్లు రాశారనుకోండి. మొత్తం ఆరే, ప్రతి పేరూ మూడుసార్లే. రెండు పరీక్షలూ పాస్, జాబితా మాత్రం తప్పు. అలాంటిది పట్టికలోనే దొరుకుతుంది. మ్యాచ్ రాసినప్పుడల్లా దాని గడిలో టిక్ పెడితే, ఒక గడిలో రెండు టిక్కులు, ఇంకో గడి ఖాళీగా కనిపిస్తాయి. అందుకే గోడకి అంటించే ముందు నేను పట్టికలో టిక్కులు చూడకుండా వదలను.

ఇంకో చిన్న మాట. చిన్న పోటీలో నియమాలు పెద్ద పోటీలో ఉన్నట్టే ఉండాలి. మీరు సెమీస్, ఫైనల్ కూడా పెడితే అవి విడిగా మూడు, ఈ లెక్కలో కలపొద్దు. మ్యాచులు తగ్గించుకుందామని మూడేసి జట్ల మూడు పూల్స్ చేస్తే లెక్కే మారిపోతుంది: ఒక్కో పూల్లో మూడు, మొత్తం తొమ్మిది లీగ్ మ్యాచులే.

ఇక డ్రా. కబడ్డీ సీనియర్ మగవాళ్ల మ్యాచ్ అంటే ఇరవై ఇరవై నిమిషాల రెండు హాఫులు, మధ్యలో ఐదు నిమిషాలు. జట్లు మారడం, గొడవలు, రిఫరీ గారి టీ, అన్నీ కలిపి మ్యాచ్‌కి గంట పెట్టుకోండి. ఒకే కోర్టు ఉంటే రోజుకి తొమ్మిది మ్యాచులు, నాలుగు రోజులు. ప్రతి జట్టూ రోజుకి సరిగ్గా రెండు ఆడేలా వేయొచ్చు, ఇలా:

తొమ్మిది జట్లకీ నంబర్లిచ్చి కాగితం మీద గుండ్రంగా కూర్చోబెట్టండి. మొదటి రోజు ప్రతి జట్టూ తన పక్క జట్లతో ఆడుతుంది: 1–2, 3–4, 5–6, 7–8, 9–1, 2–3, 4–5, 6–7, 8–9. ఈ వరుసలో వేస్తే ఎవరికీ వెంటవెంటనే రెండు మ్యాచులు పడవు. రెండో రోజు మధ్యలో ఒకరిని వదిలి ఆ పక్కవాళ్లతో, అంటే 1–3, 2–4 అలా. మూడో రోజు ఇద్దరిని వదిలి, నాలుగో రోజు ముగ్గురిని వదిలి. ప్రతి రోజూ తొమ్మిది జంటలే వస్తాయి. ఐదో రోజు నలుగురిని వదిలి చూద్దామంటే, గుండ్రం అటువైపు నుంచి చూస్తే ముగ్గురిని వదిలినట్టే, పాత జంటలే మళ్లీ వస్తాయి. అంటే నాలుగు రోజులతో అన్నీ అయిపోయాయి. నాలుగు తొమ్మిదులు ముప్ఫై ఆరు. ఇక్కడ సగం చేయడాలు లేవు, ఫార్ములా లేదు, అయినా అదే అంకె.

ఇది జట్లు బేసి సంఖ్యలో ఉన్నప్పుడే ఇంత సాఫీగా నడుస్తుంది. నాలుగు జట్లని గుండ్రంగా పెడితే పక్క జంటలు నాలుగు, ఎదురెదురు జంటలు రెండే, అవే ఆ టీ కొట్టాయన మర్చిపోయిన కర్ణాలు. ఆఖరి నిమిషంలో పదో జట్టు వస్తే ఈ డ్రా చింపేసి కొత్తది వేసుకోవాలి. అబ్బాయి 45 అప్పటికి సరిపోతుంది.